డీఫ్రాస్ట్ పెంచినా కాయిల్ మీద ఐస్ ఎందుకు ఆగడం లేదు?

ప్రశ్న: కాకినాడలో మాకు ఫ్రోజెన్ రొయ్యలు, చేపల గది ఉంది. 12×10 అడుగులు, ఎత్తు 8, మైనస్ 18లో నడుస్తుంది. డిక్సెల్ కంట్రోలర్, కరెంట్ హీటర్లు. వారం పది రోజులకోసారి కాయిల్ ఐస్‌తో గడ్డ కట్టేస్తోంది, ముఖ్యంగా కింద, ఒక పక్కన. మెకానిక్ డీఫ్రాస్ట్‌ని 6 గంటల నుంచి 3 గంటలకు మార్చాడు, ఇంకా ఎక్కువైంది. ఇప్పుడు గ్యాస్ తక్కువైంది, నింపాలి అంటున్నాడు. సీనియర్లు ఎవరైనా చెప్పండి అన్నా, నింపించమంటారా?

సమాధానం:

ఇప్పుడే నింపించకండి. గ్యాస్ సంగతి చివర్లో చూడాల్సింది. ఐస్ పట్టి ఉన్న కాయిల్ మీద గేజ్ పెడితే సక్షన్ ప్రెషర్ ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. ఫిన్స్ మధ్య గాలి పోవడం లేదు, కాయిల్‌కి వేడి అందడం లేదు, అందుకని ప్రెషర్ పడిపోతుంది. దాన్ని చూసి గ్యాస్ కలిపితే, ఐస్ కరిగాక సిస్టమ్‌లో గ్యాస్ ఎక్కువై హెడ్ ప్రెషర్ పెరుగుతుంది, ఎండాకాలంలో కంప్రెసర్ ట్రిప్ అవడం మొదలవుతుంది. అప్పుడు ఒక జబ్బుకి రెండు జబ్బులు.

మీరు రాసినదాంట్లో నాకు బాగా పనికొచ్చిన ముక్క "కింద, ఒక పక్కన" అన్నది. ముందు ఆ ఐస్ ఎలా ఉందో టార్చ్ వేసి చూడండి. తెల్లగా, పొడిపొడిగా, వేలితో గీకితే రాలిపోయేలా ఉంటే అది ఫ్రాస్ట్. గాలిలోని తేమ నేరుగా కాయిల్ మీద గడ్డ కట్టింది. డీఫ్రాస్ట్ పెట్టిందే దానికోసం, అది ఉండటం తప్పు కాదు. అద్దంలా గట్టిగా, పారదర్శకంగా, ఫిన్స్ మధ్యలో ఇటుకలా దిగిపోయి ఉంటే అది ఒకసారి నీరయ్యి మళ్లీ గడ్డ కట్టిన ఐస్. అంటే డీఫ్రాస్ట్ మొదలైంది కానీ పూర్తి కాలేదు, లేదా కరిగిన నీళ్లు బయటికి పోలేదు. మీ గదిలో ఉన్నది ఈ రెండోదే అని నా నమ్మకం, ఎందుకంటే కరిగిన నీరు చేరేది కిందికే.

డీఫ్రాస్ట్ పెంచితే ఐస్ ఎందుకు పెరిగిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. ప్రతి డీఫ్రాస్ట్‌లో పై వరసల ఫ్రాస్ట్ కరుగుతుంది, నీరు కింది వరసల్లోకి జారుతుంది. అక్కడ ఇంకా సున్నా దాటని లోహం తగిలి ఆగుతుంది. హీటర్ ఆగుతుంది, కంప్రెసర్ మొదలవుతుంది, ఆ నీరు గట్టి ఐస్ అయిపోతుంది. పొడి ఫ్రాస్ట్‌లో సగానికి పైగా గాలే ఉంటుంది, గట్టి ఐస్ అలా కాదు. అదే మందం ఉన్నా దాంట్లో ఐస్ బరువు చాలా ఎక్కువ, కరిగించడానికి వేడీ అంతే ఎక్కువ కావాలి. సరిపోని డీఫ్రాస్ట్‌ని రోజుకి 4 సార్లు చేసేచోట 8 సార్లు చేస్తే, కింద నీరు చేరడమూ గడ్డ కట్టడమూ 8 సార్లు జరుగుతాయి. దానికి తోడు అన్ని సార్లు హీటర్ వేడి గదిలోకి వెళ్తుంది, సరుకు పైపొర మెత్తబడుతుంది.

అసలు ఆ నీరు ఎంతో ఒకసారి లెక్క వేద్దాం, అప్పుడు హీటర్ చిన్నదా పెద్దదా అన్న అనుమానం పోతుంది. మీ ఊళ్లో 32 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న రోజున ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 25 గ్రాముల నీరు ఉంటుంది. మైనస్ 20 దగ్గర గాలి ఒక గ్రాము కూడా పట్టుకోదు. మిగతాదంతా మీ కాయిల్ మీదే దిగుతుంది. మీ గది సుమారు 27 ఘనపు మీటర్లు. కర్టెన్ లేకుండా తలుపు బార్లా తెరిస్తే చల్లగాలి బరువుగా కింద నుంచి బయటికి పారిపోతుంది, తేమగాలి పైనుంచి లోపలికి వస్తుంది. నిమిషంలో గది గాలి చాలావరకు మారిపోతుంది, అంటే అర లీటరు నీరు లోపలికి వచ్చినట్టే. రోజుకి 20 సార్లు, ఒక్కోసారి అర నిమిషం తెరిచారనుకోండి, 5 నుంచి 8 లీటర్ల నీరు.

ఇప్పుడు 8 కిలోల ఐస్‌ని మైనస్ 25 నుంచి సున్నాకి తెచ్చి కరిగించడానికి కావాల్సిన వేడి ఒక యూనిట్ కరెంట్ కూడా లేదు. ఒక కిలో వాట్ రాడ్లు మూడు ఉన్నాయనుకుంటే, 25 నిమిషాల చొప్పున రోజుకి 4 సార్లు నడిస్తే 5 యూనిట్లు. వేడిలో ఎక్కువ భాగం కాయిల్ లోహానికీ, ట్రేకీ, గది గాలికీ పోతుంది, అయినా మిగిలింది సరిపోవాలి. అందుకే హీటర్ చాలడం లేదు, పెద్దది వేద్దాం అనే మాటకి నేను త్వరగా ఒప్పుకోను. వేడి ఉండాల్సిన చోట ఉందా, ఉండాల్సినంత సేపు ఉందా, నీరు దారి దొరికి బయటికి పోయిందా అన్నవే చూడాలి.

వాటిని చూడటానికి ఒక పూర్తి డీఫ్రాస్ట్‌ని దగ్గరుండి గమనించడం తప్ప వేరే దారి లేదు. అయితే దానికి ముందు కాయిల్ పూర్తిగా శుభ్రంగా ఉండాలి. పాత ఐస్ లోపల ఉండగా ఏ సెట్టింగ్ మార్చినా ఫలితం అర్థం కాదు. సరుకు వేరే చోటికి మార్చి, మెయిన్ ఆపి, మామూలు కుళాయి నీళ్లు పైపుతో పట్టి కరిగించండి. నీరు డ్రెయిన్ నుంచి పోతోందో లేదో ముందే చూసుకోండి, లేకపోతే ట్రేలో నిండి నేల మీద ఐస్ అవుతుంది. స్క్రూడ్రైవర్, కత్తి, సుత్తి వద్దే వద్దు. అల్యూమినియం ఫిన్ వంగితే సరిచేసుకోవచ్చు, రాగి గొట్టానికి బొక్క పడితే గ్యాస్ మొత్తం పోతుంది. వెనక వైపు నుంచి టార్చ్ వేస్తే ముందు వైపు వెలుగు కనిపించాలి. చాలామంది ముందు వరస చూసి శుభ్రం అయిందనుకుంటారు, నడుమ వరసల్లో ముద్ద అలాగే ఉంటుంది.

తర్వాత గదిని మామూలుగా నడిపి, ఫ్రాస్ట్ పట్టాక చేత్తో డీఫ్రాస్ట్ పెట్టండి. కంట్రోలర్‌లో కాయిల్ ప్రోబ్ రీడింగ్ `dP2` దగ్గర కనిపిస్తుంది. వాచీ పెట్టుకుని నిమిషానికోసారి రాసుకోండి. ఆరోగ్యంగా ఉన్న కాయిల్‌లో రీడింగ్ మైనస్ 25 నుంచి చకచకా పైకి వస్తుంది, సున్నా దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. కొన్ని నిమిషాలు అక్కడక్కడే తిరుగుతుంది. ఆ సమయంలో హీటర్ వేడి అంతా ఐస్ కరగడానికే పోతోందన్న మాట. ఐస్ అయిపోయాక మళ్లీ గబగబా 5, 8, 10 అని ఎక్కుతుంది. ఈ ఆగడం కనిపించకుండా రీడింగ్ నేరుగా 10కి పోయిందంటే, ప్రోబ్ ఐస్ లేని చోట ఉంది, లేదా హీటర్ రాడ్‌కి మరీ దగ్గరగా ఉంది. కంట్రోలర్ పాపం దాని మాటే నమ్మి, పని అయిపోయిందనుకుని ఆపేస్తుంది. అలా కాకుండా రీడింగ్ సున్నా దగ్గరే ఉండిపోయి, టైమ్ అయిపోయి ఆగిందంటే వేడి చాలలేదు, అప్పుడు రాడ్లు చూడాలి.

రాడ్లకి క్లాంప్ మీటర్ చాలు. డీఫ్రాస్ట్ నడుస్తుండగా ఒక్కో రాడ్ వైరు విడిగా పట్టి చూడండి. 230 వోల్టుల దగ్గర ఒక కిలో వాట్ రాడ్ సుమారు 4.3 ఆంపియర్లు తీసుకోవాలి. మూడింటికి కలిపి 13 రావాల్సింది 8.7 వస్తే ఒక రాడ్ కాలిపోయినట్టే. అదే సమయంలో వోల్టేజ్ కూడా చూడండి. రాడ్ ఇచ్చే వేడి వోల్టేజ్ తగ్గినంతే కాదు, ఇంకా ఎక్కువగా తగ్గుతుంది. సాయంత్రం లోడ్‌లో 195 వోల్టులే వస్తే వేడి 28 శాతం పడిపోతుంది. పగలు చక్కగా కరిగి, రాత్రి పూట కరగని గదుల్లో తరచూ ఇదే కారణం. జనరేటర్ ఉన్నచోట ఇంకో సంగతి, లోడ్ మోయలేదని హీటర్ లైను జనరేటర్ మీదికి ఇవ్వకుండా వదిలేస్తారు. అప్పుడు కంట్రోలర్ డీఫ్రాస్ట్ అని చూపిస్తూనే ఉంటుంది, రాడ్ మాత్రం చల్లగా ఉంటుంది.

మీ గదిలాంటిదే ఒకటి భీమవరం దగ్గర ఒక చేపల వ్యాపారిది చూశాను, అక్కడ జరిగింది వివరంగా చెప్తాను. ఐస్ కింది రెండు వరసల్లో, ఎడమ వైపు. అక్కడ కూడా డీఫ్రాస్ట్‌ని 3 గంటలకి మార్చి ఉంది. చేత్తో డీఫ్రాస్ట్ పెట్టి చూస్తే 9 నిమిషాలకే ఆగిపోయింది. ప్రోబ్ రీడింగ్ సున్నా దగ్గర అసలు ఆగలేదు, నేరుగా 10 దాటేసింది. కవర్ తీస్తే ప్రోబ్ పై వరసలో, కుడి వైపున, రాడ్‌కి వేలెడు దూరంలో దూర్చి ఉంది. పై వరసలు ఆరిపోయి ఉన్నాయి, కింద ఎడమ పక్క ఇంకా తడి ఐసు ముద్దలా ఉంది. క్లాంప్ మీటర్‌లో 8.7 ఆంపియర్లే. అన్నిటికంటే కిందున్న రాడ్ పోయింది. అంటే ఐస్ ఎక్కువ చేరే చోట వేడి లేదు, వేడి ఉన్న చోట ప్రోబ్ ఉంది. రెండూ కలిసి డీఫ్రాస్ట్‌ని ముందే ఆపేస్తున్నాయి. రాడ్ ఒక్కటే మార్చి ఊరుకుంటే కొంత మెరుగుపడేది కానీ జబ్బు పోయేది కాదు.

రాడ్ మార్చాం. మిగతా రెండు రాడ్ల ఇన్సులేషన్ మెగ్గర్‌తో చూస్తే బాగుంది కాబట్టి వాటిని ఉంచాం. తడిలో ఉండే రాడ్లకి ఎర్త్, ఇన్సులేషన్ సరిగ్గా లేకపోతే ప్రాణాల మీదికి వస్తుంది, ఆ రెండూ పరీక్షించకుండా కవర్ మూయకండి. ప్రోబ్‌ని ఐస్ అన్నిటికంటే చివర కరిగే చోటికి, అంటే ఎడమ పక్క కింది భాగంలో, రాడ్‌కి దూరంగా ఫిన్స్ మధ్యలోకి మార్చాం. ఆ చోటు ఊహించి పెట్టింది కాదు, ఒక డీఫ్రాస్ట్ మొత్తం టార్చ్ వేసి చూసి, చివరి తెల్ల మచ్చ ఎక్కడ మిగిలిందో గుర్తుపెట్టుకుని పెట్టింది. ఆ తర్వాతి డీఫ్రాస్ట్‌లో రీడింగ్ సున్నా దగ్గర చాలాసేపు నిలబడి, 22 నిమిషాలకి 10 చేరింది. తెరిచి చూస్తే కింది వరస తడిగా, ఐస్ లేకుండా ఉంది.

అక్కడ చివరికి పెట్టిన సెట్టింగ్స్ ఇవి. మీ మోడల్‌ని బట్టి ఒకటీ రెండూ లేకపోవచ్చు.

```
tdF = EL
IdF = 6
MdF = 35
dtE = 10
Fdt = 4
Fnd = 5
FSt = -5
FnC = C-n
```

`tdF` లో `EL` అంటే కరెంట్ హీటర్‌తో డీఫ్రాస్ట్, `IdF` రెండు డీఫ్రాస్ట్‌ల మధ్య గంటలు, `dtE` ప్రోబ్ ఎంత వేడికి వస్తే ఆపాలో చెప్పేది. `MdF` నిమిషాల గరిష్ఠ పరిమితి, అది కాపలా మాత్రమే. రోజూ ఆ పరిమితి తగిలే ఆగుతోందంటే ఏదో తేడా ఉందని అర్థం, దాన్ని 60కి పెంచడం మందు కాదు. హీటర్ ఎక్కువసేపు నడిస్తే నీరు ఆవిరై పైకి లేచి సీలింగ్ మీద, ఫ్యాన్ రెక్కల మీద, గ్రిల్ మీద గడ్డ కడుతుంది. మీ ఫ్యాన్ చుట్టూ కూడా ఐస్ కనిపిస్తుంటే ఇదో, కింద చెప్పేదో కారణం.

`Fdt`, `Fnd`, `FSt` ఈ మూడింటినీ ఎవరూ పట్టించుకోరు, నా దృష్టిలో మాత్రం ఫ్రీజర్ గదికి ఇవి చాలా ముఖ్యం. హీటర్ ఆగాక ఫిన్స్ మీద ఇంకా నీటి బొట్లు వేలాడుతుంటాయి. `Fdt` లో పెట్టిన నాలుగు నిమిషాలు ఏదీ నడవకుండా అవి ట్రేలోకి జారతాయి. తర్వాత కంప్రెసర్ మొదలవుతుంది, ఫ్యాన్లు మాత్రం `Fnd` సమయం అయ్యేవరకు ఆగే ఉంటాయి. `FSt` ప్రకారం కాయిల్ మైనస్ 5కి దిగాకే ఫ్యాన్లు తిరగాలి, అప్పటికి మిగిలిన బొట్లు ఉన్నచోటే గట్టిపడతాయి. ఈ ఆలస్యం లేకపోతే ఫ్యాన్ మొదలవగానే ఆ నీటిని గదిలోకి జల్లేస్తుంది, వేడిగాలిని సరుకు మీదికి తోస్తుంది. `FnC` లో `C-n` అంటే డీఫ్రాస్ట్‌లో ఫ్యాన్లు ఆగి ఉంటాయి. కూరగాయలు, పాలు పెట్టే ప్లస్ 4 గదుల్లో ఫ్యాన్ తిప్పి ఆ గాలితోనే కరిగిస్తారు, ఆ సెట్టింగ్‌ని చూసి ఫ్రీజర్‌లో కాపీ చేసేవాళ్లు ఉన్నారు. మీది ఒకసారి చూసుకోండి.

మన దగ్గర కరెంట్ కోతల వల్ల వచ్చే చిక్కు ఇంకోటి ఉంది. గడియారం లేని ఈ కంట్రోలర్లలో `dPo` అని ఒకటి ఉంటుంది. అది `n` అయితే కరెంట్ వచ్చిన ప్రతిసారీ `IdF` లెక్క మొదటి నుంచి మొదలవుతుంది. 6 గంటలు పెట్టుకున్న గదికి ఐదు గంటలకోసారి కరెంట్ పోయి వస్తే ఆ రోజు డీఫ్రాస్ట్ జరగనే జరగదు. `y` పెడితే కరెంట్ వచ్చిన ప్రతిసారీ వెంటనే డీఫ్రాస్ట్ చేస్తుంది, కోతలు మరీ ఎక్కువున్న చోట అదీ ఇబ్బందే. కోతలు ఉండే ఊళ్లో కంట్రోలర్‌కి చిన్న యూపీఎస్ ఇవ్వడం నాకు నచ్చిన దారి. పాత మెకానికల్ టైమర్ ఉన్నవాళ్లకి కరెంట్ లేనంతసేపు టైమర్ మోటరే ఆగిపోతుంది, రాత్రి 2కి పెట్టిన డీఫ్రాస్ట్ కొన్నాళ్లకి మధ్యాహ్నం అమ్మకాల టైమ్‌కి వచ్చి కూర్చుంటుంది.

ఇక డ్రెయిన్. కాయిల్ చక్కగా కరిగినా నీరు ట్రేలోనే ఉండిపోతే, అది గడ్డ కట్టి కింది నుంచి పైకి పెరుగుతూ మళ్లీ కింది వరసల్లోకి ఎక్కుతుంది. చూడటానికి డీఫ్రాస్ట్ లోపంలాగే ఉంటుంది. డీఫ్రాస్ట్ అయిన వెంటనే ట్రేలో రెండు లీటర్ల గోరువెచ్చని నీళ్లు పోసి, బయట పైపు దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి. నీరు వెంటనే ధారగా రావాలి. చుక్కలు చుక్కలుగా వస్తే పైపు లోపల ఐస్ ఉంది. గది లోపలి పైపు మొత్తానికీ హీటర్ వైరు ఉండాలి, అది వెచ్చగా తగలాలి, పైపు బాగా వాలుగా ఉండాలి. యూ ఆకారం ట్రాప్ తప్పనిసరిగా గది బయట, వెచ్చని చోట ఉండాలి. లోపల పెడితే దాంట్లో నిలిచిన నీరే గడ్డ కడుతుంది. ట్రాప్ అసలు లేకపోతే బయటి తేమగాలి ఆ పైపు గుండానే ట్రేలోకి లాక్కుపోతుంది, తలుపు మూసి ఉన్నా ఐస్ తయారవుతూనే ఉంటుంది. భీమవరం గదిలో పైపు హీటర్ వైరు కూడా తెగి ఉంది, దాన్నీ మార్చాకే ట్రే శుభ్రంగా ఉండటం మొదలైంది.

తలుపు దగ్గర పని చిన్నదే. స్ట్రిప్ కర్టెన్ పట్టీలు ఒకదాని మీద ఒకటి సగం వరకు కప్పుకునేలా ఉండాలి, లోడింగ్‌కి అడ్డమని పైకి ముడి వేసి వదిలేయకూడదు. గాస్కెట్ మధ్య ఒక నోటు పెట్టి తలుపు మూసి లాగితే పట్టు తెలియాలి. చుట్టూ నాలుగు వైపులా అలా చూడండి. తడి బుట్టలు, ఇంకా గడ్డ కట్టని సరుకు నేరుగా ఈ గదిలోకి తేవడం ఆపండి. ఆ తేమ కూడా వచ్చి కాయిల్ మీదే పడుతుంది.

ఇవన్నీ అయ్యాక గ్యాస్ విషయానికి రండి. కాయిల్ శుభ్రంగా ఉన్నప్పుడు, డీఫ్రాస్ట్ ముగిసి సిస్టమ్ మొదలైన అరగంటకి కవర్ దగ్గర నుంచి చూడండి. పల్చని తెల్ల పొర కాయిల్ అంతా సమానంగా పడితే గ్యాస్ సరిపడా ఉన్నట్టే. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ వైపున్న మొదటి కొన్ని గొట్టాల మీదే పట్టి మిగతా కాయిల్ పొడిగా ఉంటే, అప్పుడు గ్యాస్ తక్కువ కావచ్చు, వాల్వ్ లేదా ఫిల్టర్ డ్రయర్ మూసుకుపోయి ఉండొచ్చు. ఒక్క గొట్టం వరస మాత్రమే వేరుగా ఉంటే డిస్ట్రిబ్యూటర్‌లో చెత్త అనుమానించాలి. గ్యాస్ తక్కువని తేలితే, ఎక్కడ లీకయిందో పట్టకుండా నింపనివ్వకండి.

మీరు ఈ వారంలో ఒక డీఫ్రాస్ట్ రీడింగులు నిమిషం వారీగా రాసి, రాడ్ల ఆంపియర్లు, ప్రోబ్ ఎక్కడుందో ఒక ఫొటో పెట్టండి. సున్నా దగ్గర ఎంతసేపు ఆగిందో చూస్తే తప్పు రాడ్‌దో ప్రోబ్‌దో చెప్పేయొచ్చు. అప్పటివరకు `IdF` ని మళ్లీ 6కి తెచ్చి ఉంచండి.